ముప్పై రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైటు ఉందనుకుందాం. ఎవరు ఏ బస్సు వెతికారు, ఏ సీటు ఎంచుకున్నారు, చెల్లింపు ఎక్కడ ఆగిపోయింది, ఇలా ప్రతి కదలికకూ సర్వర్ ఒక వరుస రాసిపెట్టుకుంటుంది. ఆ వరుసలే లాగ్‌లు. 'డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ మాత్రం రాలేదు' అని ప్రయాణికుడు ఫోన్ చేస్తే, అవతల కూర్చున్నవారు ఆ పూట లాగ్‌లు వెతికి సంగతి తేలుస్తారు. కోట్ల వరుసల్లోంచి కావాల్సిన నాలుగింటిని క్షణంలో తీసిచ్చేందుకు చాలా కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్. ఇది 2010లో వచ్చింది. లాగ్‌లను ఇది 'ఇండెక్స్' అనే భాగాలుగా విడదీసి దాచుకుంటుంది.

లాగ్‌లు రోజూ వస్తూనే ఉంటాయి, డిస్కు మాత్రం పెరగదు. డిస్కు 95 శాతం నిండిందంటే ఎలాస్టిక్‌సెర్చ్ తనంతట తానే గేటు వేసేస్తుంది. ఆ సర్వర్‌లో ఉన్న ఇండెక్స్‌లన్నిటిలోనూ రాయడం ఆగిపోతుంది. పాతవి చదవొచ్చు, తొలగించొచ్చు, కొత్తవి మాత్రం లోపలికి రావు. రద్దీ ఎక్కువయ్యేకొద్దీ లాగ్‌లూ ఎక్కువవుతాయి కాబట్టి ఈ గేటు పడేది సాధారణంగా సంక్రాంతి ముందు వారంలాంటి రోజుల్లోనే. అంటే లాగ్‌ల అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పుడే అవి అందకుండా పోతాయి.

అప్పుడు ఎవరో ఒకరు రాత్రిపూట నిద్రలేచి, కంప్యూటర్ తెరిచి, పాత ఇండెక్స్‌లను చేత్తో తొలగించడం మొదలుపెడతారు. ఆ హడావుడిలో `logs-2024*` అని కొట్టాల్సిన చోట `logs-*` అని కొడితే మొత్తం ఊడ్చుకుపోతుంది. ఈ ప్రమాదం తెలిసే 8.0 వెర్షన్ నుంచి, పూర్తి పేరు ఇవ్వకుండా నక్షత్రం గుర్తుతో ఇండెక్స్‌లు తొలగించడానికి సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒప్పుకోదు. పాత వెర్షన్లలో ఆ అడ్డు మామూలుగా ఉండేది కాదు. ఆ సెట్టింగును మార్చుకున్నవారికి ఇప్పుడూ ఉండదు.

ఇండెక్స్ మొత్తం ఎందుకు, అందులోని పాత వరుసలను మాత్రమే తొలగిస్తే పోలేదా అన్న ప్రశ్న సహజమే. ఎలాస్టిక్‌సెర్చ్ అడుగున పనిచేసేది లూసీన్ అనే లైబ్రరీ. అది డిస్కు మీద ఒకసారి రాసిన ఫైలును మళ్లీ దిద్దదు. ఒక వరుసను తొలగించమంటే 'ఇది చెల్లదు' అని పక్కన గుర్తు పెట్టుకుంటుందే తప్ప, ఆ వరుస డిస్కు మీదే ఉంటుంది. తర్వాతెప్పుడో చిన్న ఫైళ్లను కలిపి పెద్ద ఫైలు రాసేటప్పుడు గుర్తు పెట్టినవాటిని వదిలేస్తుంది. అలా కలపడానికీ కొంత ఖాళీ డిస్కు కావాలి. ఖాతా పుస్తకంలో పద్దులు కొట్టేసినంత మాత్రాన పుస్తకం పలచబడదు కదా, ఇదీ అంతే. ఇండెక్స్‌ను మొత్తంగా తీసేస్తే మాత్రం దాని ఫైళ్లన్నీ ఒక్కసారే పోతాయి, చోటు వెంటనే చేతికొస్తుంది. అందుకే లాగ్‌ల గడువును వరుసల లెక్కన కాక ఇండెక్స్‌ల లెక్కన పెడతారు.

ఆ గడువును సాఫ్ట్‌వేరే చూసుకునే ఏర్పాటు 2019లో 6.6 వెర్షన్‌తో ఎలాస్టిక్‌సెర్చ్‌లోకి వచ్చింది. ఇండెక్స్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్ దాని పేరు, పొట్టిగా ఐఎల్ఎం. అంతకుముందు క్యూరేటర్ అనే వేరే ప్రోగ్రాంను రోజూ ఒక వేళకు నడిచేలా పెట్టుకునేవారు. అది నడిచే యంత్రం ఆగిపోయిందంటే తొలగింపూ ఆగిపోయేది. ఐఎల్ఎం ఎలాస్టిక్‌సెర్చ్ లోపలే ఉంటుంది. ప్రతి పది నిమిషాలకు ఒకసారి ఇండెక్స్‌లను చూసి, వేళ వచ్చినవాటి పని చూస్తుంది. మన టికెట్ల వెబ్‌సైటుకు ఇంత చిన్న పాలసీ చాలు:

```
PUT _ilm/policy/ticket-logs
{
  "policy": { "phases": {
    "hot": { "actions": { "rollover": {
      "max_primary_shard_size": "50gb",
      "max_age": "30d" } } },
    "delete": { "min_age": "30d",
      "actions": { "delete": {} } }
  } }
}
```

ఇందులో రెండే మాటలున్నాయి. మొదటిది రోల్‌ఓవర్. ఇప్పుడు రాస్తున్న ఇండెక్స్ 50 జీబీకి చేరినా, దాని వయసు 30 రోజులు దాటినా, ఏది ముందైతే అప్పుడు దాన్ని పక్కనపెట్టి కొత్తది తెరవమని అర్థం. రెండోది తొలగింపు, 30 రోజులకు తీసేయమని. చదివినవారు ఎవరైనా '30 రోజుల లాగ్‌లు ఉంటాయి, అంతకన్నా పాతవి ఉండవు' అనే అనుకుంటారు. జరిగేది అది కాదు.

మెలిక `min_age` అన్న మాటలో ఉంది. రోల్‌ఓవర్ ఉన్న పాలసీలో ఈ వయసును ఇండెక్స్ పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టరు, రోల్‌ఓవర్ అయిన రోజు నుంచి లెక్కపెడతారు. వెబ్‌సైటు రోజుకు 2 జీబీ లాగ్‌లు రాస్తోందనుకుందాం. ఇండెక్స్ 50 జీబీకి చేరడానికి 25 రోజులు పడుతుంది. 25వ రోజున రోల్‌ఓవర్ జరుగుతుంది, 30 రోజుల లెక్క అప్పుడు మొదలవుతుంది. అంటే మొదటి రోజు రాసిన లాగ్ 55వ రోజు దాకా డిస్కు మీదే ఉంటుంది. రోజుకు 2 జీబీ చొప్పున 55 రోజులకు 110 జీబీ. సర్వర్ పాడైనా డేటా పోకుండా ప్రతి ఇండెక్స్‌కూ రెండో కాపీ ఉంచుతారు కాబట్టి 220 జీబీ. ముప్పై రోజులే కదా అని 120 జీబీకి లెక్కవేసి 150 జీబీ చోటు కేటాయించినవారికి, ఆటోమేటిక్ తొలగింపు పెట్టాక కూడా డిస్కు నిండిపోతుంది. పాలసీలో తప్పేమీ కనిపించదు, పాపం సాఫ్ట్‌వేర్ కూడా చెప్పింది చెప్పినట్టే చేస్తోంది.

పైగా ఈ 55 కూడా స్థిరమైన సంఖ్య కాదు. పండగ రద్దీలో రోజుకు 10 జీబీ వస్తే ఇండెక్స్ ఐదు రోజుల్లోనే నిండుతుంది, అప్పటి లాగ్‌లు 35 రోజులే ఉంటాయి. ఒకే పాలసీ కింద మామూలు రోజుల లాగ్‌లు ఎక్కువ కాలం, రద్దీ రోజులవి తక్కువ కాలం ఉంటాయన్నమాట.

దీనికి మందు `max_age`లో ఉంది. 30 రోజులను 5 రోజులు చేస్తే ఇండెక్స్ నిండినా నిండకపోయినా ఐదు రోజులకు మారుతుంది. అత్యంత పాత లాగ్ వయసు 35 రోజులకు మించదు, డిస్కు అవసరం 140 జీబీ దగ్గర ఆగుతుంది. రోజుకొక ఇండెక్స్ పెడితే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. అయితే ప్రతి ఇండెక్స్ కొంత మెమరీ తింటుంది. పదుల కొద్దీ సర్వీసులున్న చోట రోజుకొకటి చొప్పున తెరిస్తే వేల చిన్న ఇండెక్స్‌లు పోగుపడి వెతుకులాటే మందగిస్తుంది. మన ఉదాహరణలో ఐదు రోజులకు 10 జీబీ ఇండెక్స్ అవుతుంది. ఇలాంటి వెబ్‌సైటుకు అది సరిపోయే కొలత.

ఎలాస్టిక్‌సెర్చ్ నుంచి 2021లో విడిపోయిన ఓపెన్‌సెర్చ్ వాడేవారికి ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడి పాలసీల్లో తరచూ కనిపించే `min_index_age` ఇండెక్స్ పుట్టిన రోజు నుంచే లెక్కిస్తుంది. అదే 25 రోజుల ఇండెక్స్‌కు 30 రోజుల గడువు పెడితే, దానిలో చివరి రోజున రాసిన లాగ్‌లు ఐదు రోజులకే మాయమవుతాయి. వారం క్రితం టికెట్ గురించి ప్రయాణికుడు ఫోన్ చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. అక్కడ `min_rollover_age` వాడితేనే రోల్‌ఓవర్ నుంచి లెక్క మొదలవుతుంది. పాలసీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేవారు ఫైలులోని అంకెలు అవే ఉంచి ఈ తేడాను మర్చిపోతే నష్టం వెంటనే కనిపించదు, అవసరం పడ్డ రోజునే బయటపడుతుంది.

మన దేశంలో ఈ లెక్కకు చట్టపరమైన బరువు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలి. రోల్‌ఓవర్ నుంచి లెక్కపెట్టే పాలసీలో 180 అని పెడితే ఏ లాగ్ కూడా అంతకు ముందే పోదు. పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టేదానిలో 180 అని పెడితే, 25 రోజులకు మారే ఇండెక్స్‌లో చివరి లాగ్‌లు 155 రోజులకే పోతాయి. ఖాతాదారుల వివరాలను '30 రోజుల్లో తీసేస్తాం' అని మాటిచ్చిన కంపెనీకి ప్రమాదం రెండోవైపు నుంచి వస్తుంది. 55 రోజులున్న లాగ్ ఆ మాటను తప్పిస్తుంది. కనీసం ఇన్ని రోజులు ఉంచాలా, గరిష్ఠంగా ఇన్ని రోజులే ఉంచాలా అన్నది తేలాకే పాలసీలో అంకె వేయాలి.

పాలసీ పెట్టేనాటికే ఉన్న పాత ఇండెక్స్‌ల సంగతి వేరు. పాలసీని కొత్త ఇండెక్స్‌ల టెంప్లేట్‌కు తగిలిస్తారు కాబట్టి పాతవాటికి అది అంటదు, అవి అలాగే పడి ఉంటాయి. వాటికీ ఇదే పాలసీని అంటగడితే రోల్‌ఓవర్ దగ్గర చిక్కుకుని ఎర్రర్‌లో నిలబడిపోతాయి, ఎన్నటికీ తొలగవు. వాటికోసం తొలగింపు మాత్రమే ఉన్న వేరే పాలసీ రాయాలి. దానిలో రోల్‌ఓవర్ లేదు కనుక వయసు పుట్టిన రోజు నుంచి లెక్కకొస్తుంది, అప్పటికే గడువు దాటినవి నిమిషాల్లో తొలగిపోవడం మొదలవుతుంది. ఆ పాలసీ తగిలించే ముందే కావాల్సినవాటి బ్యాకప్ తీసి ఉండాలి. తీరా తొలగాక వెనక్కి తెచ్చే బటన్ ఏదీ లేదు. నడుస్తున్న పాలసీలో 30ని పొరపాటున 3గా మార్చినా గతి అదే. బ్యాకప్ పూర్తయ్యే దాకా తొలగింపును ఆపి ఉంచే `wait_for_snapshot` అనే ఏర్పాటు ఐఎల్ఎంలోనే ఉంది, దాన్ని వాడుకోవడం మంచిది.

పాలసీ నిజంగా పనిచేస్తోందా అన్నది ఒక్క ఆదేశంతో తెలుస్తుంది.

```
GET ticket-logs/_ilm/explain
```

జవాబులో ప్రతి ఇండెక్స్‌కూ `phase`, `step`, `age` కనిపిస్తాయి. `age` అంటే పైన చెప్పుకున్న లెక్క ప్రకారం వచ్చే వయసు. `step` దగ్గర `ERROR` అని ఉంటే ఆ ఇండెక్స్ చిక్కుకుపోయినట్టే, కారణం కిందనే `step_info`లో రాసి ఉంటుంది. `managed` పక్కన `false` ఉంటే దానికి అసలు పాలసీయే లేదు. ఇది చూశాక, అన్నిటికన్నా పాత లాగ్ ఏ తేదీదో కూడా ఒకసారి వెతికి చూడండి. పాలసీలో రాసిన రోజులకూ ఆ తేదీకీ మధ్య తేడా రోల్‌ఓవర్ గడువును మించితే, డిస్కు 85 శాతం దాటకముందే దాని సంగతి తేల్చండి. ఆ గీత దాటాక ఎలాస్టిక్‌సెర్చ్ ఆ సర్వర్ మీద కొత్త కాపీలు పెట్టడం తగ్గించేస్తుంది. 90 దాటితే ఉన్నవాటినే వేరే సర్వర్‌లకు తరలించడం మొదలుపెడుతుంది.