పాత ఫ్లాటుకు చేతిలో ఎంత ఉండాలి?

హైదరాబాద్‌లో ఒక పాత ఫ్లాటు బేరం 60 లక్షలకు కుదిరిందనుకుందాం. బ్యాంకు 80 శాతం, అంటే 48 లక్షలు అప్పిస్తే, చాలామంది 12 లక్షలు సర్దుకుంటే సరిపోతుందనుకుంటారు.

చిక్కు ఇక్కడే. స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. ప్రభుత్వ విలువ, ఒప్పంద ధరల్లో ఏది ఎక్కువైతే దానిపైనే లెక్క. ఈ ఖర్చును బ్యాంకులు సాధారణంగా ఇంటి విలువలో కలపవు. కాబట్టి చేతిలో 16.5 లక్షలు ఉండాల్సిందే.

మ్యుటేషన్‌కు 0.1 శాతం, అంటే మరో 6 వేలు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ కట్టాలి. ఇక్కడ అది 60 వేలు. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచే మినహాయించాలి. అపార్ట్‌మెంట్ సంఘం నుంచి బకాయిలు లేవన్న పత్రం మాత్రం అడ్వాన్సుకు ముందే అడగాలి.