యజమాని చదివే ఒక్క పేజీ

రాజమండ్రిలో ఒక చీరల కొట్టు ఉందనుకుందాం. ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసే కుర్రాడు నెలాఖరుకి పన్నెండు పేజీల రిపోర్టు తెచ్చిస్తాడు. రీచ్, వ్యూస్, ఎంగేజ్‌మెంట్ రేటు, రంగురంగుల గ్రాఫులు. యజమాని రెండు పేజీలు తిప్పి, "బానే ఉంది గానీ బాబూ, దీనివల్ల ఎన్ని చీరలు అమ్ముడుపోయాయి?" అంటాడు. ఆ జవాబు అందులో ఉండదు, ఎందుకంటే ఆ అంకె ఇన్‌స్టాగ్రామ్‌కి తెలియదు. బేరం కుదిరేది వాట్సాప్‌లోనో, కౌంటర్ దగ్గరో.

అందుకని రిపోర్టు పని నెలాఖరున కాదు, ఒకటో తారీఖునే మొదలవ్వాలి. ఇన్‌స్టా ప్రొఫైల్లో పెట్టే వాట్సాప్ లింకును ఇలా రాయాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=INSTA
```

X లు ఉన్నచోట కొట్టు నంబరు పడుతుంది. ఈ లింకు నొక్కినవాళ్లకు వాట్సాప్ తెరుచుకుని, INSTA అన్న మాట ముందే టైపై కనిపిస్తుంది. పంపగానే ఎక్కణ్ణుంచి వచ్చారో తెలిసిపోతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఆ చాట్‌కి ఒక లేబుల్ తగిలించి, డబ్బు ముట్టాక ఇంకో లేబుల్ తగిలిస్తే సరి. కొట్టుకొచ్చినవాళ్లను బిల్లు రాసేటప్పుడు "ఎక్కడ చూశారమ్మా?" అని అడిగి, బిల్లు కాపీ మీద చిన్న గుర్తు పెట్టాలి. కొందరు ఆ మాట చెరిపేసి పంపుతారు, రద్దీలో అడగడం మర్చిపోతారు. కాబట్టి వచ్చే అంకె అసలుకన్నా కాస్త తక్కువే ఉంటుంది. ప్రతి నెలా ఒకే పద్ధతిలో లెక్కిస్తే పోల్చుకోవడానికి అది చాలు.

ఇప్పుడు పేజీ రాద్దాం. ప్రకటనలకు 6,000 రూపాయలు పెట్టారు. 18 శాతం జీఎస్టీ కలిస్తే 7,080. అడిగినవాళ్లు 140 మంది. కొన్నవాళ్లు 24 మంది, తలా ఒక చీర. అంటే ఒక్కో చీర అమ్మడానికి ప్రకటన ఖర్చు 295 రూపాయలు. చీర మీద 600 మిగులుతుందనుకుంటే, ఈ ఖర్చు పోను చేతిలో పడింది 7,320. కుర్రాడి జీతం ఇందులో కలపలేదు. కలిపితే లెక్క తిరగబడవచ్చు. రిపోర్టు రాసేది కుర్రాడే కాబట్టి ఆ లైను తరచూ మాయమవుతుంటుంది!

యజమానికి ఎక్కువ పనికొచ్చేది మాత్రం కొనకుండా పోయిన ఆ 116 మంది సంగతి. ఒక గంట కూర్చుని చాట్‌లు చదివితే చాలు. చాలామంది "ప్రైస్ ప్లీజ్" అనడిగి, ధర చెప్పగానే మాయమయ్యారని తేలిందనుకోండి. రీల్‌లో ధర వేయకపోవడమే కారణం. అప్పుడు రిపోర్టు చివర ఒకే ఒక నిర్ణయం రాయాలి: వచ్చే నెల ప్రతి రీల్‌లో ధర వేద్దాం. దాని పక్కనే ఇంకో ముక్క కూడా చేర్చాలి: అడిగేవాళ్లు తగ్గుతారు, కంగారు పడొద్దు. 140 కాస్తా 80 అయినా, కొన్నవాళ్లు 24 దగ్గరే నిలిస్తే ఆ మార్పు పనిచేసినట్టే.

రీచ్ అంకె ఉండితీరాలంటే అడుగున ఒక లైనులో పెట్టొచ్చు. కానీ రోజువారీ రీచ్‌లను కూడితే నెల రీచ్ రాదు. ఒకావిడ మన పోస్టును ఐదో తారీఖున, పదిహేనున చూస్తే రెండు రోజుల్లోనూ లెక్కకొస్తుంది. నెల మొత్తానికి ఆవిడ ఒక్క మనిషే. యాప్‌లో నెలంతా ఒకేసారి ఎంచుకుని ఆ అంకె తీసుకోవాలి. డబ్బిచ్చి తెచ్చుకున్న రీచ్‌ని విడిగా చూపించాలి. లేకపోతే బూస్టింగ్ ఆపిన నెలలో అంకె పడిపోయి, పోస్టులు బాగాలేవన్న నింద వస్తుంది.

చీరల వ్యాపారంలో ఇంకో చిక్కుంది. నిరుటి జూలైతో ఈ జూలైని పోల్చాలనిపిస్తుంది, కానీ యాప్‌కి పంచాంగం తెలియదు గదా. 2024 జూలైలో శ్రావణం రాలేదు, ఆగస్టు 5న మొదలైంది. 2025లో జూలై 25నే వచ్చేసింది. ఆ జూలై ఆఖరి వారంలో పెరిగిన అమ్మకాలు రీల్స్ గొప్పతనమా, వరలక్ష్మీ వ్రతం గిరాకీయా అన్నది ఇంగ్లీషు నెలల లెక్కలో తేలదు. 2023లోనైతే అధిక శ్రావణం వచ్చి, నిజ శ్రావణం ఆగస్టు 17న గానీ మొదలవలేదు. కాబట్టి పండగ సీజన్‌కి మాత్రం శ్రావణం మొదటి రెండు వారాల అమ్మకాన్ని నిరుటి శ్రావణం మొదటి రెండు వారాలతో పోల్చి, రెండేళ్ల ప్రకటన ఖర్చునూ పక్కపక్కనే రాయాలి.