ఆకు వదిలేసే రంగు

చెట్లు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మనకు ఆక్సిజన్ ఇస్తాయని బడిలో అందరం చదువుకున్నాం. మాట నిజమే, కానీ అందులో మొక్కకు దక్కేదేమిటో లేదు. మొక్క ఇంత పనీ చేసేది చక్కెర కోసం. ఆక్సిజన్ ఆ పనిలో మిగిలిపోయి ఆకు రంధ్రాల గుండా బయటికి పోయే పదార్థం.

లెక్క చూస్తే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. 180 గ్రాముల గ్లూకోజు తయారు కావాలంటే 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీరు ఖర్చవుతాయి. 192 గ్రాముల ఆక్సిజన్ బయటికొస్తుంది. నిజానికి ఆకులో ముందు తయారయ్యేవి గ్లూకోజుకన్నా చిన్న చక్కెర ముక్కలు. వాటిలో కొన్ని మనం టీలో వేసుకునే పంచదార రకం చక్కెరగా మారి, కాండం గుండా వేళ్లకూ కాయలకూ ప్రయాణిస్తాయి. చెరుకు గడలో పేరుకునేది ఇదే. కొన్ని పిండిపదార్థంగా ఆకులోనే నిలవుండి, రాత్రి ఎండ లేనప్పుడు కరిగి మొక్కకు తిండి అవుతాయి. వేపమాను కలపలోని కార్బన్ అంతా ఒకప్పుడు గాలిలో ఉన్నదే. నేలనుంచి చెట్టు తీసుకునే ఖనిజాలు ఎంతో అవసరమే అయినా, ఎండిన కలప బరువులో వాటి వాటా బహు కొద్ది.

బయటికొచ్చే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ విడిపోతే వచ్చిందనే చాలాకాలం అనుకున్నారు. 1941లో అమెరికాలోని బర్కిలీలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్‌ల బృందం మామూలుకన్నా బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని నాచుమొక్కలకు ఇచ్చి చూసింది. అవి వదిలిన వాయువులో ఆ బరువైన ఆక్సిజనే కనిపించింది. అంటే మనం పీలుస్తున్న ఆక్సిజన్ ఆకు నీటిని చీల్చగా వచ్చింది.

నీటిని చీల్చడం సులువైన పని కాదు, దానికి శక్తి కావాలి. ఆ శక్తిని ఎండలోంచి పట్టేది పత్రహరితం. మొక్కల రంగు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఎండలో ఏ రంగు వెలుగు ఈ పనికి బాగా పనికొస్తుందో 1882లో జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఎంగెల్మన్ చూపించిన తీరు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. ఆయన సన్నని దారంలాంటి ఆకుపచ్చ నాచు పోగును మైక్రోస్కోపు కింద పెట్టి, పట్టకంతో వెలుగును రంగులుగా విడదీసి దాని మీద పరిచాడు. పోగులో ఒక కొసన ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ, మరో కొసన నీలం పడ్డాయి. చుట్టూ ఉన్న నీటిలో ఆక్సిజన్ ఎక్కడుంటే అక్కడికి ఈదుకుంటూ పోయే బాక్టీరియాను వదిలాడు. కొలిచే పరికరమేదీ లేకుండానే జవాబు కంటికి కనిపించింది: బాక్టీరియా ఎరుపు పడిన చోటా, నీలం పడిన చోటా గుంపులు కట్టాయి. ఆకుపచ్చ పడిన చోట పలచగా ఉన్నాయి.

పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ బలంగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చను అంతగా పట్టుకోదు. అలా వెనక్కి తిరిగి వచ్చిన, ఆకులోంచి దూసుకొచ్చిన వెలుగే మన కంటికి చేరుతుంది. అయితే ఆకు ఆకుపచ్చ వెలుగును అసలు వాడుకోదని రాయడం తప్పు. ఆ వెలుగు ఆకు లోపల కణం నుంచి కణానికి తగిలి చెదురుతూ తిరుగుతుంది కాబట్టి చివరికి చాలాభాగం లోపలే ఇంకిపోతుంది. పైపొరల్లోనే ఆగిపోయే ఎరుపు, నీలాలు అందని లోపలి కణాలకు ఇదే ఆధారం. మిగతా రంగులకన్నా కాస్త ఎక్కువగా తప్పించుకుని వచ్చేది ఆకుపచ్చ, అంతే. మన కంటికి ఆ తేడా చాలు.

మరి ఎర్ర తోటకూర సంగతి? దానిలోనూ పత్రహరితం ఉంది, మీద ఎర్రరంగు కమ్మి కనిపించనివ్వదు. ఎర్రరంగు నీటిలో కరిగేది, పత్రహరితం కరగదు. ఆ కూరను ఎక్కువ నీళ్లలో కాసేపు ఉడికిస్తే నీళ్లు ఎర్రబడతాయి, ఆకు పచ్చదనం బయటపడుతుంది.

పత్రహరితం నిజంగానే లేని చోట ఏమవుతుందో తెల్ల మచ్చలున్న మనీప్లాంట్ చెబుతుంది. కుండీని రెండు మూడు రోజులు చీకట్లో ఉంచితే ఆకులో నిలవున్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. తర్వాత కొన్ని గంటలు ఎండలో పెట్టి, ఒక ఆకు తెంపి, మచ్చలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోవాలి. ఆకును నీళ్లలో ఉడికించి, ఆపైన స్పిరిట్‌లో వేసి రంగు దిగేదాకా వేడి చేయాలి. స్పిరిట్ గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. పొయ్యి ఆర్పేశాక వేణ్నీళ్ల గిన్నెలో దించి పెట్టాలి. పాలిపోయిన ఆకును కడిగి అయోడిన్ చుక్కలు వేస్తే, ముందు పచ్చగా ఉన్న భాగం నల్లటి నీలంగా మారుతుంది. మచ్చలున్న చోట ఆ నీలం రాదు. అక్కడ చక్కెర తయారే కాలేదు. ఆ తెల్లటి కణాలు పక్కనున్న పచ్చటి కణాలు పంపే తిండితోనే బతుకుతాయి. అందుకే పూర్తిగా తెల్లబడిన కొమ్మను విడిగా కత్తిరించి నాటితే, ఉన్న నిలవ అయిపోగానే చచ్చిపోతుంది.