బిల్లు మెట్లు దిగే సోలార్

హైదరాబాద్ కాలనీల్లో గేటుకు గుచ్చి వెళ్లే సోలార్ కరపత్రాలన్నీ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. నవ్వే సూర్యుడు, నీలి పలకలు పరిచిన డాబా ఇల్లు, దాని మీద నుంచి పైకి లేచే ఆకుపచ్చ బాణం, కింద లావుపాటి అక్షరాల్లో ‘కరెంటు బిల్లు సున్నా’. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని చదివిన ఇంటాయన తేల్చుకోగలిగేది ఏమీ ఉండదు. ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి? జేబులోంచి ఎంత తీయాలి? అది ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? ఆయనకు కావాల్సింది ఈ మూడే. ఇన్ఫోగ్రాఫిక్ అంటే వీటికి జవాబు చెప్పే బొమ్మ కావాలి.

ఆ బొమ్మ గీయడానికి కూర్చునే డిజైనర్ ముందుగా తెరవాల్సింది కంప్యూటర్ కాదు, కరెంటు బిల్లు. సోలార్ ఎంత మిగులుస్తుందో నిర్ణయించేది ఎండ ఒక్కటే కాదు, బిల్లులోని స్లాబులు కూడా. చాలా బొమ్మలు తప్పుదారి పట్టేది ఇక్కడే. యూనిట్‌కు సగటున ఇంత అని ఒక ధర వేసుకుని, పలకలు ఇచ్చే యూనిట్లతో గుణించేస్తారు. సగటు ధరతో వేసిన లెక్క వినడానికి తేలిక, ఏ ఇంటికీ సరిపోదు.

తెలంగాణలో 2022-23 నుంచి వాడుకలో ఉన్న ఇళ్ల రేట్లనే తీసుకుందాం. నెలకు 100 యూనిట్లు మించని ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. 100 దాటి 200 లోపు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటితే అసలు గుంపే మారిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున కట్టాలి. ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. సరిగ్గా 200 యూనిట్లు కాల్చిన ఇంటికి ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయల పైమాటే!

ఇప్పుడు నెలకు 400 యూనిట్లు వాడే ఇంటిని చూద్దాం. ఒక ఏసీ, ఫ్రిజ్, గీజర్, మోటారు ఉన్న మామూలు మధ్యతరగతి ఇల్లు. ఎనర్జీ చార్జీ 2,690 రూపాయలు వస్తుంది. మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. మబ్బులు, దుమ్ము, నీళ్ల ట్యాంకు నీడ తీసేసి నెలకు 100 యూనిట్లని పెట్టుకుంటే లెక్క కాస్త బిగుతుగా, నమ్మకంగా ఉంటుంది.

మొదటి కిలోవాట్ పెట్టగానే బిల్లు 400 యూనిట్ల నుంచి 300కు దిగుతుంది. తగ్గేవి అన్నిటికంటే పైనున్న 9 రూపాయల యూనిట్లు కాబట్టి నెలకు 900 రూపాయలు మిగులుతాయి. రెండో కిలోవాట్ 300ను 200కు దించుతుంది. దీనివల్ల మిగిలేది 970, మొదటిదానికంటే ఎక్కువ! పైస్లాబు వంద యూనిట్లు పోవడంతో పాటు కింది 200 కూడా చవక గుంపులోకి జారడమే దీనికి కారణం. మూడో కిలోవాట్‌తో మిగిలేది 567 రూపాయల 50 పైసలు. ఇక నాలుగోది బిల్లును 100 నుంచి సున్నా యూనిట్లకు తెచ్చినా, దాని వల్ల తగ్గేది నెలకు 252 రూపాయల 50 పైసలే.

ఇన్ఫోగ్రాఫిక్‌కు ఈ నాలుగు అంకెలే ప్రాణం. వీటిని గీసే తీరు కూడా వీటిలోనే ఉంది. బిల్లును నాలుగు మెట్లుగా, ఒక్కో మెట్టు వంద యూనిట్లుగా నిలువునా పేర్చాలి. సోలార్ పైమెట్టు నుంచి కిందికి దిగుతూ ఒక్కొక్కటీ తీసేస్తుంది. ప్రతి మెట్టు పక్కన, అక్కడ మిగిలే డబ్బును వంద నోట్ల వరుసగా వేయాలి. మొదటి మెట్టుకు తొమ్మిది నోట్లు, రెండోదానికి పదికి కాస్త తక్కువ, మూడోదానికి ఐదున్నర పైన, నాలుగోదానికి రెండున్నర. చదువు పెద్దగా లేనివాళ్లకైనా ఎక్కడ లాభం ఉందో, ఎక్కడ లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

నోట్ల సంఖ్య పెంచకుండా ఒకే నోటు బొమ్మను పెద్దది చేస్తే సరిపోదా అని డిజైనర్‌కు అనిపించవచ్చు. సరిపోదు. బొమ్మ పొడవు రెట్టింపు చేస్తే వెడల్పూ రెట్టింపవుతుంది, అది ఆక్రమించే చోటు నాలుగింతలవుతుంది. రెండింతల లాభం చూసేవారి కంటికి నాలుగింతలుగా కనిపిస్తుంది. 1920ల్లో వియన్నాలో మామూలు జనానికి గణాంకాలు అర్థమయ్యేలా బొమ్మలు వేయించిన ఓటో నాయ్‌రాత్ ఈ చిక్కును ముందే గ్రహించాడు. ఎక్కువను చూపడానికి బొమ్మను పెంచొద్దు, అదే కొలత బొమ్మల్ని ఎక్కువసార్లు పెట్టు అన్నది ఆయన పెట్టుకున్న నియమం. సోలార్ కరపత్రాల్లో ఉబ్బిపోయిన నాణేల మూటల్ని చూసినప్పుడల్లా ఆయన గుర్తుకు రావాలి.

మిగులు తేలింది కాబట్టి ఇక ఖర్చు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అంటే మొత్తం 78,000. అక్కడితో సరి, నాలుగో కిలోవాట్‌కు పైసా రాదు. కిలోవాట్‌కు 65,000 చొప్పున కొటేషన్ వచ్చిందనుకుందాం. సబ్సిడీ పోగా మొదటి రెండింటికి చెరో 35,000, మూడోదానికి 47,000, నాలుగోదానికి పూర్తిగా 65,000 పడుతుంది. పై మెట్ల పక్కనే ఈ అంకెలు వేసి భాగిస్తే, మొదటి రెండు కిలోవాట్ల డబ్బు మూడేళ్లు, ఆపైన కొద్ది నెలల్లోపే చేతికొస్తుంది. మూడోదానికి దాదాపు ఏడేళ్లు. నాలుగోదానికి 21 ఏళ్ల పైనే.

మూడు కిలోవాట్లూ కలిపి చూస్తే పెట్టుబడి 1,17,000, ఏడాదికి మిగిలేది 29,250. సరిగ్గా నాలుగేళ్లు. నాలుగూ కలిపితే ఐదున్నరేళ్లు దాటుతుంది. అమ్మేవాళ్లు చెప్పేది ఈ కలిపిన లెక్కే. అందులో అబద్ధం లేదు. కానీ నాలుగో కిలోవాట్ నష్టాన్ని మొదటి రెండింటి లాభం కప్పేస్తోందన్న సంగతి అందులో కనిపించదు. మెట్ల బొమ్మలో దాన్ని దాచడం కుదరదు. వచ్చే ఏడాది రెండో ఏసీయో, కరెంటు స్కూటరో కొనేవాళ్లకు మాత్రం నాలుగోది గిట్టవచ్చు, ఎందుకంటే అప్పుడు వాళ్ల మెట్లు మరింత ఎత్తు నుంచి మొదలవుతాయి.

సబ్సిడీ విషయంలో బొమ్మ దాచకూడనిది ఇంకొకటి ఉంది. అది పలకలు బిగించి, మీటరు మార్చి, అధికారులు చూసి వెళ్లాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం 1,95,000 ఇంటివాళ్లో, అప్పిచ్చిన బ్యాంకో సర్దాలి. అందుకని బొమ్మలో ముందు పూర్తి మొత్తం కనిపించాలి, సబ్సిడీ వెనక్కి వచ్చే బాణం తర్వాత రావాలి.

బొమ్మలో రెండో భాగం మీటరుది. సోలార్ పెట్టించాక గొడవలు ఎక్కువగా మొదలయ్యేది దీని దగ్గరే. కొత్త మీటరులో రెండు రీడింగులు ఉంటాయి. ఇంటికి లైను నుంచి వచ్చింది ఇంపోర్టు, ఇంటి నుంచి లైనుకు వెళ్లింది ఎక్స్‌పోర్టు. మన ఇంట్లో పలకలు నెలకు 300 యూనిట్లు ఇచ్చాయనుకుందాం. అందులో 120 పగటిపూట ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు అక్కడికక్కడే వాడేశాయి. మిగిలిన 180 లైనులోకి వెళ్లాయి. రాత్రిళ్లు, పొద్దున్నే 280 యూనిట్లు లైను నుంచి తీసుకున్నారు. బిల్లు మీద ఇంపోర్టు 280, ఎక్స్‌పోర్టు 180 అని ఉంటుంది, తేడా 100 యూనిట్లకే చార్జీ. ఆ కాగితం చూసిన ఇంటాయన ‘300 వస్తాయన్నారు, 180యే వచ్చాయి, మోసం’ అని కంపెనీకి ఫోన్ చేస్తాడు. మోసం లేదు, ఇంట్లోనే ఖర్చయిన 120 యూనిట్లు డిస్కం మీటరు దాకా వెళ్లనే లేదు. మొత్తం ఉత్పత్తి చూడాలంటే ఇన్వర్టర్ తెర మీదో, దాని యాప్‌లోనో చూడాలి. బొమ్మలో ఈ 120కి పలకల నుంచి నేరుగా ఫ్రిజ్‌కు పోయే వేరే రంగు తీగ గీసి, అది మీటరును తాకకుండా ఉంచితే ఆ ఫోన్లు చాలావరకు తగ్గుతాయి.

ఇక కరపత్రాల్లోని ‘సున్నా బిల్లు’. నికర యూనిట్లు సున్నా అయినా స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ లాంటివి పోవు. అవసరానికి మించి తయారైన యూనిట్లు తర్వాతి నెలకు జమవుతాయి కానీ, గడువు తీరాక మిగిలిపోయిన వాటికి డిస్కం ఇచ్చే ధర మనం పైస్లాబుకు కట్టే ధర కంటే బాగా తక్కువ. కరెంటు పోతే ఇల్లు వెలుగుతుందా అంటే, బ్యాటరీ లేని మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేస్తుంది. ఈ ఒక్క వాక్యం బొమ్మలో లేకపోతే, కొన్న మొదటి నెలలోనే ఆ ఇల్లు తిట్టుకుంటుంది.

ఎవరికి అక్కర్లేదో కూడా ఒక గడిలో చెప్పాలి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లే రావడం లేదు. అలాంటి ఇంటికి సోలార్ మిగిల్చేది ఏమీ లేదు. సొంత డాబాలో కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు లేనివాళ్లదీ అదే పరిస్థితి. అమ్మకం కోసం వేసే బొమ్మలో ఈ గడి ఎప్పుడూ ఉండదు. అది ఉందా లేదా అన్నదాన్నిబట్టే ఆ బొమ్మ ఎవరి కోసం వేశారో పోల్చుకోవచ్చు.

ఈ బొమ్మ గోడ మీద కంటే ఫోన్‌లోనే ఎక్కువగా తిరుగుతుంది. కంప్యూటర్ తెర మీద ముచ్చటగా కనిపించిన తెలుగు అక్షరాలు వాట్సాప్‌లో చిన్నబోయేసరికి వత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటాయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు వదిలేదానికంటే ఎక్కువ వదలాలి. లాభానికి ఆకుపచ్చ, ఖర్చుకు ఎరుపు అని రంగుల మీదే ఆధారపడితే ఆ రెండింటి తేడా కనిపించని కళ్లవాళ్లకు రెండూ ఒకటే. అందుకే నోట్ల పక్కన అంకె కూడా ఉండాలి.

ఇంత శ్రమపడి గీసిన బొమ్మను అలాగే పట్టుకెళ్లి విజయవాడలో పంచితే తప్పే అవుతుంది. ఆంధ్రప్రదేశ్ స్లాబుల్లో 200 దగ్గర గుంపు మారే వ్యవహారం లేదు. మొదటి 30 యూనిట్లకు 1.90తో మొదలై 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75 అని వరుసగా ఎక్కుతాయి. అదే 400 యూనిట్ల ఇంటికి అక్కడ నాలుగు కిలోవాట్లు వరసగా మిగిల్చేవి 875, 806, 562, 304 రూపాయలు. రెండో మెట్టు మొదటిదాన్ని మించదు. సర్దుబాటు చార్జీలు ఆపైన వేరు. కాబట్టి బొమ్మ అడుగున ఒక వరుస తప్పనిసరి: ఏ రాష్ట్రం, ఏ ఏడాది రేట్లు, కిలోవాట్‌కు నెలకు ఎన్ని యూనిట్లుగా లెక్కించారు, కొటేషన్ ధర ఎంతగా తీసుకున్నారు. రేట్లు మారిన రోజున డిజైనర్ ఆ నాలుగూ సరిదిద్ది, మెట్ల పక్కన నోట్లను మళ్లీ లెక్కపెట్టాల్సిందే.