రోడ్డు సగం పంచితే పొలం సగం అవుతుందా?

అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు పల్లెల్లో ఎక్కువగా పాటించే పద్ధతి ఒకటుంది. రోడ్డు వైపు గట్టు కొలిచి సగంలో ఒక రాయి, వెనక గట్టు కొలిచి సగంలో ఇంకో రాయి పాతి, రెంటి మధ్యా తాడు లాగుతారు. చూసే కంటికి అది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ముందు గట్టు, వెనక గట్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నప్పుడే ఆ లెక్క నిజమవుతుంది. పొలం ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పొట్టిగా ఉంటే ఎవరో ఒకరు నష్టపోతారు.

ఎంత నష్టపోతారో ఒక పొలం తీసుకుని చూద్దాం. దక్షిణాన రోడ్డు, దాని వెంట పొడవు 300 అడుగులు. పడమటి గట్టు 240 అడుగులు, తూర్పు గట్టు 120 అడుగులు, రెండూ రోడ్డుకు మూలమట్టంగా ఉన్నాయి. ఉత్తరపు గట్టు ఏటవాలుగా పోతుంది. రెండు పక్క గట్ల సగటు 180 అడుగులు. దాన్ని 300తో గుణిస్తే 54,000 చదరపు అడుగులు, అంటే 6,000 గజాలు. ఇద్దరికీ చెరో 3,000 గజాలు రావాలి.

ఇప్పుడు పైన చెప్పినట్టు రెండు గట్లనూ సగాల దగ్గర కలుపుదాం. మధ్య గీత పొడవు 180 అడుగులు. పడమటి భాగం 3,500 గజాలు, తూర్పు భాగం 2,500 గజాలు తేలతాయి. తూర్పు వాటా వచ్చినవాడికి న్యాయంగా రావలసిన దాంట్లో 500 గజాలు పోయాయి. పది సెంట్లకు పైమాటే. ఇద్దరికీ రోడ్డు 150 అడుగుల చొప్పున వచ్చింది కాబట్టి ఈ తేడా ఎవరి కంటా పడదు.

దీన్ని సరిచేయడానికి సర్వేయర్లు వాడే ఉపాయం చాలా సులువైనది. ముందు వేసిన గీతను తుడిచేయకుండా, దాన్నే అంచనా గీతగా పెట్టుకుంటారు. పడమట ఎక్కువైంది 500 గజాలు, అంటే 4,500 చదరపు అడుగులు. రోడ్డు మీది రాయిని కదపకుండా వెనక రాయిని మాత్రమే పడమరకు జరిపితే, పాత గీతకూ కొత్త గీతకూ నడుమ ఒక త్రిభుజం ఏర్పడుతుంది. ఆ త్రిభుజం వైశాల్యం సరిగ్గా 4,500 కావాలి. దాని భూమి పాత గీతే, 180 అడుగులు. అందులో సగం 90. 4,500ను 90తో భాగిస్తే 50 వస్తుంది. వెనక రాయి పాత గీత నుంచి 50 అడుగులు పడమరకు జరగాలన్నమాట.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 50 అడుగులను పాత గీతకు మూలమట్టంగా కొలవాలి, ఏటవాలు గట్టు వెంట కాదు. గట్టు వెంట కొలిస్తే అది దాదాపు 53 అడుగుల 10 అంగుళాలు అవుతుంది. అలా జరిపాక కొత్త రాయి వాయవ్య మూల నుంచి గట్టు వెంట 107 అడుగుల 8 అంగుళాల దగ్గర పడుతుంది.

గీత వంకరగా ఉంటే ట్రాక్టరు తిప్పడం కష్టమని, పక్క గట్లకు సమాంతరంగా ఉండాలని అడిగేవాళ్లుంటారు. అప్పుడు రెండు పక్కల కొలతలనూ విడివిడిగా వర్గం చేసి, వాటి సగటుకు వర్గమూలం తీస్తే గీత పొడవు వస్తుంది. మన పొలంలో అది 189 అడుగుల 9 అంగుళాలు. మామూలు సగటైన 180 మాత్రం కాదు. ఈ సూత్రం చాలా పాతది. సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి మెసొపొటేమియా మట్టి పలకల్లో, 17, 7 పొడవుల భుజాలున్న పొలాన్ని 13 పొడవు గీతతో సగం చేసిన లెక్క కనిపిస్తుంది. అయితే మన పొలానికి ఈ పద్ధతి వాడితే పడమటివాడికి రోడ్డు 125 అడుగుల 8 అంగుళాలే వస్తుంది, తూర్పువాడికి 174 దాటుతుంది. రోడ్డు పక్క భూమికి ధర ఎక్కువ కాబట్టి, నా దృష్టిలో గీత కాస్త వాలినా రోడ్డు సమానంగా వచ్చే మొదటి పద్ధతే మేలు. రోడ్డుకు సమాంతరంగా కోస్తే మాత్రం వెనకవాడికి దారి ఉండదు. అలా కోయక తప్పకపోతే దారికి కావలసిన స్థలాన్ని ముందే ఉమ్మడిగా వదిలి, మిగిలినదాన్నే పంచాలి.

ఇవన్నీ పక్క గట్లు నిజంగా మూలమట్టంగా ఉన్నప్పటి లెక్కలు. ఆ సంగతి తేల్చుకోవడానికి మూల నుంచి రోడ్డు వెంట 30 అడుగులు, పక్క గట్టు వెంట 40 అడుగులు కొలిచి గుర్తులు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం 50 వస్తే సరే. రాకపోతే పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, ఒక్కోదాని మూడు భుజాలూ కొలిచి వైశాల్యం కట్టాలి. పొలం వాలుగా ఉంటే టేపును నేల మీద పరచకుండా మట్టసంగా, బిగువుగా పట్టాలి. పరిచి కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

రాళ్లు పాతాక ఇంకోసారి సరిచూసుకోవాలి. మన పొలంలో రోడ్డు రాయి నుంచి కొత్త వెనక రాయికి టేపు పడితే 206 అడుగుల 2 అంగుళాలు రావాలి. నైరుతి మూల నుంచి ఆ వెనక రాయికి కర్ణం గీస్తే పడమటి వాటా రెండు త్రిభుజాలవుతుంది. ఒకటి 15,000, ఇంకోటి 12,000, మొత్తం 27,000 చదరపు అడుగులు. ఆగ్నేయ మూల నుంచి గీసినా తూర్పు వాటాకు అవే అంకెలు వస్తాయి. భాగపరిష్కార దస్తావేజులో ‘చెరి సగం’ అని మాత్రమే రాయించుకోకుండా, 150, 107 అడుగుల 8 అంగుళాలు, 206 అడుగుల 2 అంగుళాలు అనే మూడు కొలతలనూ, అవి ఏ మూల నుంచి కొలిచారో చూపే పటాన్నీ జతపరచండి. రాయి కదిలినా, గట్టు చెరిగినా ఆ కొలతలతో గీతను మళ్లీ అక్కడే వేయవచ్చు.