లోపలికి రానిచ్చి, బయటికి పోనివ్వని గేటు

అమెజాన్ క్లౌడ్‌లో ఓ వెబ్ సర్వర్ ఉందనుకుందాం. సెక్యూరిటీ గ్రూప్‌లో 443 పోర్టు తెరిచారు, సైట్ బాగానే వస్తోంది. ఇంకాస్త భద్రత ఉంటే మంచిదని ఎవరో సబ్‌నెట్‌కు కొత్త నెట్‌వర్క్ ఏసీఎల్ తగిలించి, అందులోనూ లోపలికి 443ను అనుమతించారు. అంతే, సైట్ ఆగిపోయింది. బ్రౌజర్ తిరిగి తిరిగి చివరికి టైమ్ అవుట్ అంటుంది.

చిక్కంతా జవాబు దగ్గరే. మన ల్యాప్‌టాప్ 51514 లాంటి తాత్కాలిక పోర్టు నుంచి అడుగుతుంది. సర్వర్ జవాబు ఆ పోర్టుకే రావాలి. సెక్యూరిటీ గ్రూప్ స్టేట్‌ఫుల్. తాను రానిచ్చిన కనెక్షన్‌ను గుర్తుపెట్టుకుని, జవాబును వేరే రూల్ అడగకుండా పంపేస్తుంది. ఏసీఎల్ స్టేట్‌లెస్, దానికి జ్ఞాపకమే లేదు. జవాబు కూడా దాని కంటికి కొత్త ప్యాకెట్టే. మనం సృష్టించుకున్న ఏసీఎల్ మొదట్లో రెండు వైపులా అన్నింటినీ ఆపుతుంది కాబట్టి ఆ ప్యాకెట్ అక్కడే పడిపోతుంది.

వీపీసీ ఫ్లో లాగ్స్ చూస్తే గుట్టు తెలుస్తుంది: వచ్చిన ప్యాకెట్‌కు `ACCEPT`, తిరిగి వెళ్లేదానికి `REJECT`. బయటికి 1024-65535 టీసీపీ పోర్టులను అనుమతిస్తే సైట్ మళ్లీ వస్తుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, ఏసీఎల్‌ను ముట్టుకోకపోతే పోలా? చాలామందికి అదే మేలు. కానీ సెక్యూరిటీ గ్రూప్‌లో అనుమతించే రూల్సే ఉంటాయి. అందరికీ తెరిచిన సైట్‌పై ఒక ఐపీ అడ్రస్ దాడి చేస్తుంటే, దాన్నొక్కదాన్నే ఆపాలంటే ఏసీఎల్‌లో డినై రూల్ రాయాల్సిందే. దాని నంబర్ అనుమతించే రూల్ నంబర్ కన్నా చిన్నదిగా ఉండాలి.