పార్సిల్ కోసం ఇచ్చిన నంబరు

మంగళగిరిలో ఒకావిడ చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనుకుందాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడతారు. నచ్చినవాళ్లు వాట్సాప్‌లో అడుగుతారు, డబ్బు యూపీఐలో పంపుతారు. కొన్నవాళ్ల పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఒక గూగుల్ షీట్‌లోకి ఎక్కుతాయి. రెండేళ్లు తిరిగేసరికి ఆ షీట్‌లో 400 నంబర్లు చేరాయి. కొట్టులో ఆవిడ, ప్యాకింగ్‌కి వచ్చే ఒక అమ్మాయి తప్ప ఇంకెవరూ లేరు.

ఇంత చిన్న వ్యాపారానికి కూడా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తిస్తుంది. కొట్టు ఎంత పెద్దది, టర్నోవర్ ఎంత అని ఆ చట్టం అడగదు. ఒకరి వివరాలను ఎందుకు వాడాలో, ఎలా వాడాలో ఎవరు నిర్ణయిస్తారో వాళ్లే బాధ్యులు. చట్టం వాళ్లకు పెట్టిన పేరు డేటా ఫిడ్యూషియరీ. స్టార్టప్‌ల వంటి కొన్ని సంస్థలకు కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. అయితే ఆ మినహాయింపు ప్రభుత్వం నోటిఫై చేసినవాళ్లకే గానీ, చిన్న కొట్టు అయినంత మాత్రాన రాదు. కాగితం పుస్తకంలో రాసుకున్న నంబర్లు చట్టం పరిధిలోకి రావు. వాటిని ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో ఎక్కించిన రోజు నుంచి వస్తాయి.

చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల మీద పడే అసలు బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వచ్చేలా ఆ నోటిఫికేషన్ చెప్పింది. మధ్యలో ఉన్నది సర్దుకోవడానికి ఇచ్చిన గడువు.

నిబంధనలన్నీ చదివాక చిన్న వ్యాపారి ముందుగా పట్టుకోవలసినది ఒకటే అని నాకు అనిపించింది. నంబరు ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికే అది చెల్లుతుంది. చీర కొన్నావిడ నంబరు ఇచ్చింది పార్సిల్ చేరడానికి. దసరా ఆఫర్ల మెసేజ్ ఇంకో పని, దానికి విడిగా అడగాలి. మన వ్యాపారులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. నంబరు చేతికొచ్చింది కాబట్టి దేనికైనా వాడుకోవచ్చనుకుంటారు.

దీనికి చట్టంలోనే ఉదాహరణలున్నాయి. మందుల షాపులో డబ్బు కట్టిన ఒకావిడ తనంతట తానే నంబరిచ్చి, రసీదు మెసేజ్ పంపమంటుంది. ఆ రసీదు పంపడానికి షాపువాళ్లు ఆ నంబరు వాడుకోవచ్చని ఏడో సెక్షన్ చెబుతుంది. దానికి మళ్లీ సమ్మతి పత్రం అక్కర్లేదు. కస్టమర్ స్వయంగా ఇచ్చింది, వద్దని చెప్పలేదు, పని స్పష్టంగా ఉంది. చీరల ఆర్డరు కూడా దాదాపు ఇలాంటిదే. అదే నంబరుకు కొత్త స్టాకు ఫొటోలు పంపాలంటే మాత్రం ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి కావాలి. ఆ సమ్మతి ఇష్టపూర్వకంగా ఉండాలి, ఫలానా పనికి అని తేలాలి, కస్టమర్ ఏదో ఒకటి చేసి చెప్పాలి. టిక్ ముందే పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదు. మౌనంగా ఉండటమూ కాదు. ‘ఆఫర్లకు ఒప్పుకుంటేనే ఆర్డరు తీసుకుంటాం’ అని మెలిక పెట్టినా చెల్లదు.

సమ్మతి అడిగే ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసంటే వకీలు రాసే పది పేజీల పత్రమేమీ కాదు. మామూలు మాటల్లో, ఇంకేదీ చదవకుండానే అర్థమయ్యేలా ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఏ వివరాలు తీసుకుంటున్నారు, దేనికి, వద్దనుకుంటే ఎలా ఆపాలి, ఫిర్యాదు ఎవరికి అన్నవి అందులో ఉండాలి. కస్టమర్ దాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది. మంగళగిరి కొట్టుకైతే ఇలా రాసుకోవచ్చు:

‘మీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు చీర మీకు పంపడానికి, డెలివరీ గురించి కబురు చెప్పడానికి తీసుకుంటున్నాం. కొత్త చీరల ఫొటోలు కూడా వాట్సాప్‌లో పంపమంటారా? కావాలంటే ‘సరే’ అని రాయండి. రాయకపోయినా మీ ఆర్డరు వస్తుంది. తర్వాత ఎప్పుడైనా ‘ఆపండి’ అని రాస్తే ఆపేస్తాం. మీ వివరాలు చూడాలన్నా, సరిచేయాలన్నా, తీసేయాలన్నా, ఫిర్యాదు ఉన్నా ఈ నంబరుకే రాయండి. మా జవాబు సరిగా లేదనిపిస్తే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు.’

దీని కింద బోర్డుకు ఫిర్యాదు చేసే లింకు కూడా పెట్టాలి. కస్టమర్ ‘సరే’ అన్న మెసేజ్‌ను చెరిపేయకండి. రేపు వివాదం వస్తే, నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సింది వ్యాపారే. షీట్‌లో ఇంకో వరస పెట్టి, ఎవరు ఏ తేదీన దేనికి ఒప్పుకున్నారో రాసుకుంటే చాలు. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిగ్గా ఉండాలని చట్టం అంటుంది. ఒక్క మాటతో ‘సరే’ తీసుకుని, ఆపడానికి మాత్రం మెయిల్ రాయమనకూడదు.

ఇప్పుడు ఆ కొట్టులో దీపావళి వచ్చిందనుకుందాం. ఆవిడ హడావిడిలో ‘దీపావళి ఆఫర్లు’ అని వాట్సాప్ గ్రూపు పెట్టి, షీట్‌లో ఉన్న 400 మందినీ చేర్చేశారు. రోజూ ఎన్నో కొట్లలో జరిగే పనే. ఇందులో రెండు తప్పులున్నాయి. ఆఫర్లకు ఒప్పుకోనివాళ్లు కూడా అందులో ఉన్నారు. అంతకన్నా పెద్దది రెండోది: గ్రూపులో ప్రతివారి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. చీర కొన్న ఒక ఉద్యోగిని నంబరు ముక్కూమొహం తెలియని 399 మంది చేతిలో పడింది. పొరపాటున బయటపెట్టడమూ డేటా ఉల్లంఘనే అని చట్టం నిర్వచనం. హ్యాకర్ వచ్చి దొంగిలించనక్కర్లేదు.

మర్నాడు ఒక కస్టమర్ మెసేజ్ పెట్టింది: ‘మీ గ్రూపులోంచి నంబరు తీసుకుని ఎవరో ఫోన్లు చేస్తున్నారండీ.’ ఆ మెసేజ్ చూసిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. గ్రూపు మూసేయాలి. మూసినంత మాత్రాన చూసినవాళ్ల దగ్గరున్న నంబర్లు వెనక్కి రావు కాబట్టి పని అక్కడితో అయిపోదు. 400 మందికీ విడివిడిగా, ఆలస్యం లేకుండా చెప్పాలి: ఏం జరిగింది, ఎప్పుడు, దానివల్ల ఏం ఇబ్బంది రావచ్చు, మేం ఏం చేశాం, మీరేం జాగ్రత్తపడాలి, ఎవరిని అడగాలి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకు కూడా వెంటనే తెలియజేసి, విషయం తెలిసిన 72 గంటల్లోగా పూర్తి వివరాలు ఇవ్వాలి. ఉల్లంఘన చిన్నదైతే చెప్పనక్కర్లేదనే వెసులుబాటు ఈ చట్టంలో లేదు.

అసలు గ్రూపు బదులు వాట్సాప్‌లోనే ఉన్న బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. అందులో ప్రతివారికీ మెసేజ్ విడిగా వెళుతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. ఒక లిస్టులో 256 మందికే చోటు. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. వ్యాపారులు దీన్ని లోపమంటారు గానీ, మన మెసేజ్ వద్దనుకునేవాళ్లను అదే కొంత వడకడుతుంది.

ఇంకో చోటి నుంచి కూడా నంబర్లు కారిపోతుంటాయి. గూగుల్ షీట్ లింకును ప్యాకింగ్ అమ్మాయికి పంపేటప్పుడు తొందరలో ‘Anyone with the link’ అని పెట్టేస్తారు. ఆ లింకు ఎవరి చేతికెళ్లినా 400 నంబర్లూ తెరుచుకుంటాయి. దాన్ని ‘Restricted’కి మార్చి, ఆ అమ్మాయి మెయిల్ ఐడీకి మాత్రమే అనుమతి ఇవ్వాలి. పని మానేసిన రోజే ఆ అనుమతి తీసేయాలి. ఎవరు చూడవచ్చో అదుపులో పెట్టడం, ఎవరు చూశారో తెలిసేలా ఉంచడం, బ్యాకప్ ఉంచుకోవడం నిబంధనలు అడిగే కనీస భద్రతలో భాగాలు. కొరియర్ కంపెనీకో, వెబ్‌సైట్ నడిపేవాళ్లకో నంబర్లు అప్పగించాక కూడా కస్టమర్‌కు జవాబుదారీ కొట్టు యజమానే. మన తరఫున పనిచేసేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, నంబరు వేరే పనికి వాడరాదనే మాట అందులో ఉండాలి. పక్క వ్యాపారి ‘మీ లిస్టు కాస్త ఇవ్వండి’ అంటే ఇవ్వకూడదు. అది కస్టమర్ ఒప్పుకున్న పని కాదు.

జరిమానాల అంకెలు భయపెడతాయి. భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా, ఉల్లంఘన సంగతి చెప్పకపోతే 200 కోట్ల దాకా, మిగతా చాలా తప్పులకు 50 కోట్ల దాకా అని షెడ్యూల్లో ఉంది. అవి గరిష్ఠ పరిమితులు. ఎంత వేయాలో తేల్చేటప్పుడు తప్పు తీవ్రత, ఏ రకం వివరాలకు సంబంధించినది, మళ్లీ మళ్లీ చేశారా, నష్టం తగ్గించడానికి వెంటనే ఏం చేశారు, ఆ జరిమానా ఆ వ్యాపారి మీద ఎంత భారమవుతుంది అన్నవి బోర్డు చూడాలి. అందుకే గ్రూపు మూసి, అందరికీ నిజం చెప్పినవారి పరిస్థితీ, దాచిపెట్టినవారి పరిస్థితీ ఒకటి కావు. కస్టమర్ కూడా నేరుగా బోర్డుకు వెళ్లలేరు, ముందు కొట్టువాళ్లకే ఫిర్యాదు చేయాలి. దాన్ని తేల్చడానికి ఉన్న గరిష్ఠ గడువు 90 రోజులు. చిన్న కొట్టుకు ఇది పెద్ద వరం, మెసేజ్‌కు మర్యాదగా జవాబిస్తే చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. వసూలైన జరిమానా ప్రభుత్వ ఖజానాకే వెళుతుంది, నంబరు బయటపడిన కస్టమర్‌కు పైసా రాదు. నా దృష్టిలో ఈ చట్టంలో ఇది పెద్ద వెలితి.

‘నా నంబరు తీసేయండి’ అని ఎవరైనా అడిగితే ఏం చేయాలి? ఆఫర్ల లిస్టులోంచి అప్పటికప్పుడు తీసేయాలి. డబ్బు కట్టిన ఆర్డరు ఇంకా చేరకపోతే, దాన్ని పంపే పనికి ఆ నంబరు వాడాల్సిందేనని చట్టంలోని ఉదాహరణే చెబుతోంది. సమ్మతి వెనక్కి తీసుకున్నారని సరుకు ఆపకూడదు. ఆ తర్వాత కూడా నంబరు పూర్తిగా చెరిపేయడానికి ఒక అడ్డు ఉంది. వివరాలను, లాగ్‌లను కనీసం ఏడాది పాటు ఉంచాలని 2025 నిబంధనలే చెబుతున్నాయి, ప్రభుత్వం అడిగితే ఇవ్వడానికి. కాబట్టి ఆ నంబరును పక్కన వేరే షీట్‌లో, ఎవరూ వాడకుండా ఏడాది ఉంచి, తర్వాత చెరిపేయాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లులు ఇంకా ఎక్కువ కాలం, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. కాకపోతే మామూలు కొనుగోలుదారు ఫోన్ నంబరు బిల్లు మీద ఉండాలని జీఎస్టీ నిబంధనల్లో లేదు. బిల్లు నమూనాలోంచి ఆ గడిని ఇవాళే తీసేస్తే, రేపు చెరపాల్సిన చోట్లలో ఒకటి తగ్గుతుంది.

ఇక ఇప్పటికే షీట్‌లో ఉన్న 400 నంబర్ల సంగతి. చట్టం అమల్లోకి రాకముందు సమ్మతితో తీసుకున్నవైతే వాటిని చెరిపేయనక్కర్లేదు. వీలైనంత త్వరగా అందరికీ పైన రాసిన లాంటి నోటీసు పంపాలి, వద్దన్నవాళ్లను ఆపేయాలి. ఆఫర్లకు ఎప్పుడూ ఒప్పుకోనివాళ్లను మాత్రం కొత్తగానే అడగాలి. జవాబు రాకపోతే ఆ నంబరుకు ఆఫర్లు పంపకూడదు.